ఈరయ్య నోట్లకెళ్లి రాని మాట

తాండూరు ఆటో అడ్డా కాడ భాగమ్మ చాయ్ హోటల్ బెంచీ మీద ఈరయ్య కాలు మీద కాలేసి కూసున్నడంటే, ఇగ చాయ్ చల్లారుడే గని కథ చల్లారది. ఆయనకు ఒక ఆటో ఉన్నది, పెద్దేముల్‌ల ఇరవై గొర్లున్నయి, నోరైతే ఏడు ఊర్లకు పంచినా ఇంక మిగిలేటంత ఉన్నది. ఏదన్న అడిగితె తెల్వదు అనుడు మాత్రం ఆయన ఇంటా వంటా లేదు.

ఆ పొద్దు పెద్దేముల్ నాటకం టీము వికారాబాద్‌ల పోటీకి పోవాలె. నాలుగింటికి పేరు పిలుస్తరు, పలకకపోతె కొట్టేస్తరు. నాటకం రాసింది అంగన్‌వాడి టీచరు జ్యోతిరాణి, హీరో మన ఈరయ్య. టీమంత సామాన్ పట్టుకొని స్టేషన్‌కు పోయింది. ఈయనేమో "బండి రెండింటికి, నాకు తెల్సు, మీరు నడువుండ్రి" అని బెంచీ ఎక్కిండు.

"చిన్న ముచ్చట చెప్త," అన్నడు ఈరయ్య, చాయ్ సాసర్ల పోసుకుంట. "గీ నాటకం ఉన్నది సూడు, దాన్ని జర రిపేరు చేసిన. గంతే. నేనేం కోతలు కొయ్య."

"కొయ్యవు, కొయ్యవు," అన్నది భాగమ్మ. "నువ్వు కొయ్యకుంటే కత్తులు తుప్పు పడ్తయి."

"ఇను భాగక్కా! నాటకంల హీరో వెంకటయ్య. అరచేతిల టెంకాయ పెట్టుకొని చెల్కల నడుస్తడు. నీళ్లున్న కాడ టెంకాయ లేసి నిలవడ్తది, గాడ బోరు పాయింటు పెడ్తడు. మొదలు గా పిల్ల ఏం రాసిందో ఎరుకనా? మనిషి మంచోడు, ఒక్కటే లోపం, ఏడికి పోతె గాడ చెప్పులు మర్శిపోతడని రాసింది. జనం నవ్వుతరట! నేనన్న, బిడ్డా, గా చెప్పులు నాటకంల నుంచి తీసెయ్యి, ఏమన్న కూల్తదా? ఏం కూలది. బోరు వడుతది, పెండ్లయితది, అందరు బువ్వ తింటరు. మరి గది లోపమెట్లయితది? అది గొర్రె మెడల కట్టిన గజ్జె. సప్పుడు చేస్తది గని గొర్రెను ఎటూ గుంజది."

డీసీఎం లారీల నాపరాళ్లు తోలే యాదగిరి బీడీ పక్కన పెట్టిండు. "మరేం పెట్టినవ్ కాకా?"

"వానికి ఏది అడిగినా తెల్వదు అనుడు రాదు. గంతే. అయితె గది ఊకె పెట్టలె. ఎందుకు రాదు? ఆని పేరు నిలవడ్డదే దాని మీద. ఎవడు అడిగినా బదులు చెప్తడు, గందుకే జనం వస్తరు. ఆనికి బువ్వ పెట్టేది అదే, ముంచేది అదే. ఇగ రామమ్మ అని ఒక ముసలామె వస్తది, మొగుడు లేడు. టెంకాయ లేస్తలేదు! చెల్కంత తిరిగిండు, పండుకునే ఉన్నది. అప్పుడు తెల్వదమ్మా అంటె కథ ఆడికే ఖతం. వాడు అనడు. అందరు చూస్తున్నరు గద. కాలు తోటి గీత గీసి, గీడ వెయ్యి అన్నడు. ఆ తర్వాత ఏమైందో తెల్సా?"

"నీళ్లు పడ్డయి," అన్నడు కొడంగల్ జంగప్ప. కందులు అమ్మనీకె వచ్చిన పెద్దమనిషి.

"నీళ్లేడియి? ఒట్టి దుబ్బ లేసింది! రామమ్మ రెండు బర్లు అమ్మి వేయించింది. చూసినవా, తప్పు వానిది, బర్లు ఆమెవి. ఇప్పుడన్న చెప్తడా? చెప్పడు. లోతు తక్కువైంది, ఇంక వెయ్యి అంటడు. మల్ల దుబ్బ. పాయింటు తప్పింది, పక్కన వెయ్యి అంటడు. ఒక అబద్ధానికి ఇంకొకటి కాపలా. బయట నుంచి దొంగ రాలె, పాము రాలె. వాని నోరే వాన్ని గుంజుకపోతున్నది. ఆఖరికి మిగిలిన మూడో బర్రెను గూడ అమ్మే ముంగట, ఊరంత నిలవడ్డ కాడ రామమ్మ అడుగుతది, అన్నా, నిజంగ నీళ్లున్నయా? నాకు తెల్వదు అంటె ఆమె మూడో బర్రె మిగుల్తది, వీని పేరు పోతది. అనకుంటె పేరుంటది, బర్రె పోతది. రెండు దక్కయి!"

హోటల్‌ల ఉన్నోళ్లంత ఈరయ్య దిక్కు జరిగి కూసున్నరు. అది చూసి ఈరయ్యకు లోపల పొంగింది. ఇగ ఆగుతడా?

"మొన్న బడి కాడ రియర్సల్ చేసినం. యాభై మంది వచ్చిండ్రు."

"నేను చూసిన, పన్నెండు మంది," అన్నది భాగమ్మ.

"గది మొదట్ల! బోరు సీను షురువైనంక కొడంగల్ బస్సులు మా దిక్కు మల్లినయి. ఐదు వేల మంది. నేను ఒట్టి కట్టె తోని బోరేస్తుంటె, నిజమనుకొని బోరు బండోడు వచ్చి, అన్నా ఎన్ని ఫీట్లు పోయింది అన్నడు. వెయ్యి అన్న. అంటుండంగనే కట్టె దిగవడ్డది! అటు దిక్కు కర్ణాటకల ఒకాయన బాయిల చేద వేస్తె నా కట్టె పైకి వచ్చింది, తెల్సా?"

"హౌదా? నిజంగనా?" అన్నడు జంగప్ప.

"ఇగ రామమ్మ అడిగే సీనుకు జనం ఏడ్సిండ్రు, ఏడ్సిండ్రు. ఆ నీళ్లు వాగై పారి కోట్‌పల్లి ప్రాజెక్టుకు పోయినయి. ఇంజనీరు పరేషాన్! వానల్లేవు, నీళ్లెట్ల వచ్చినయని ఫోన్ చేసిండు. నేనన్న, సారూ, ఆఖరి మాట ఇంక చెప్పలె, చెప్తె కట్ట తెగుతది, గేట్లెత్తుకో…"

"ఆఖరి మాట నువ్వు ఎన్నడు చెప్పినవ్ కాకా?"

ఎనక నుంచి జ్యోతిరాణి. చెమటలు కారుతున్నయి, చంకల టెంకాయ. "వారం సంది నాకు తెల్వదు అనే కాడికి రాంగనే, నాకు తెల్సు అని అంటున్నవ్. ఇంక ఈ లోపం నువ్వు చెప్తె రాసిన్నా? నీ ఆటో ఎక్కి దిగుకుంట, నిన్ను చూసి రాసిన."

భాగమ్మ పకపక నవ్వింది. ఈరయ్య సాసరు కింద పెట్టిండు. "సరె గని బిడ్డా, నువ్వెందుకొచ్చినవ్? బండి రెండింటికి గద."

"బండి ఒంటిగంటకే పోయింది. మేం స్టేషన్‌కు పోయేసరికి తోక గూడ కనవడలె. నాలుగింటి లోపల ఇంకో బండి లేదు. నీకెవరు చెప్పిండ్రు రెండింటికని?"

ఎవరు చెప్పలె. పొద్దుగాల జ్యోతిరాణి బండెప్పుడని అడిగింది, నలుగురు చూస్తున్నరు, నోట్లకు ఏదొస్తె అదన్నడు. రామమ్మ చెల్కల గీసిన గీత కాళ్ల ముంగట కనవడ్డట్టే అయింది. పదకొండు మంది స్టేషన్‌ల మూటల మీద కూసున్నరు. ఆడోళ్లు కూలికి పోకుండ నెల దినాలు నేర్సుకున్న నాటకం.

"ఇప్పుడు నాలుగింటికి వికారాబాద్ ఎట్ల చేరాలె కాకా? చెప్పు."

ఈరయ్య నోరు తెరిసిండు. నా ఆటోల అందరు పడ్తరు అందామనుకున్నడు. పడరు. కలెక్టరు నా దోస్తు అందామనుకున్నడు. కాడు. తల వంగింది.

"నాకు తెల్వదు బిడ్డా," అన్నడు, జరంత వినవడేటట్టు. "పొద్దుగాల గూడ తెల్వదు."

జ్యోతిరాణి కోపం మర్శి చూసింది. "గిదే! గీ గొంతే! మల్లొకసారి అను!"

"నాకు తెల్వదు."

"స్టేజీ మీద గిట్లనే అను కాకా, నీ కాల్మొక్త."

యాదగిరి లేసిండు. "అక్కా, నా డీసీఎం ఆ దిక్కే పోతున్నది. నాపరాళ్ల మీద కూసుంటమంటె ఎక్కుండ్రి. రెండు గంటలల్ల దింపుత."

స్టేషన్ కాడ అందర్ని ఎక్కిచ్చుకున్నరు. ఈరయ్య అందరికంటె ఆఖర్ల, రాయి అంచు మీద ఒదిగి కూసున్నడు. డీసీఎం అడ్డా మీదికెళ్లి పోతుంటె జంగప్ప కేకేసిండు, "ఈరన్నా! పోటీల కప్పు మీదేనా?"

"మాదే! ఆ కప్పుల ఎంత పాలు పడ్తయో గూడ నాకు తె…"

పదకొండు మంది ఒక్కసారి మల్లి చూసిండ్రు. ఈరయ్య భుజం మీది కండువ తీసి, తన నోట్ల తనే కుక్కుకున్నడు.