ముత్యం కాక స్టేటస్‌కు పులి గడ్డి తిన్నది

శ్రీరాంపూర్‌ల మొదటి షిఫ్టు మూడు గంటలకు దిగుతది. మూడుంబావుకల్లా ఖాజాబీ చాయ హోటల్ ముంగట బెంచీలు నిండుతయి. మూడున్నరకు ముత్యం కాక నోరు తెరుస్తడు. బొగ్గుబాయి కొలువు నుంచి రిటైరై రెండేండ్లాయె గని, షిఫ్టు దిగే వేళకు గా బెంచీ మీద హాజరు కాకుండ ఒక్కనాడు లేడు.

ఆ రోజు వినే ఓపిక ఖాజాబీ బిడ్డ కైనాత్‌కు అస్సలు లేదు. జాకెట్ల మీద పూసలు, జరీ కుట్టే మగ్గం ఆమెది. మూడు వారాలాయె దాని మీద సూది పెట్టక. ఇప్పుడు దాని కాళ్లు విప్పి, పాత చీర చుట్టి, గల్లా పక్క గోడకు ఆనిచ్చి కూసున్నది. నాలుగింటికి నస్పూర్ నుంచి బుచ్చవ్వ వచ్చి కొనుక్కపోతది.

"ఎందుకే అమ్ముడు?" అని పొద్దటి సంది నాలుగుసార్లు అడిగింది ఖాజాబీ.

"నాకు రాదమ్మీ. వస్తదనుకున్న, రాదు."

చెప్పంది ఇంకొకటున్నది. మెట్‌పల్లి యుమ్నా. ఇద్దరు ఒకే ఈడోళ్లు, ఒకే సెంటర్‌ల, ఒకే బెంచీ మీద ఆర్నెల్లు కుట్టుడు నేర్చుకున్నరు. ఇప్పుడు యుమ్నా రోజుకొక్క జాకెట్ ఫోన్‌ల పెడ్తది. నెమళ్లు, ఏనుగులు, పల్లకీలు. కైనాత్ చూస్తది, బొటనవేలుతోని మీదికి జరుపుతది, మళ్ల చూస్తది. ఒక్క మాట రాయదు, ఒక్క మాట అడగదు. చూసుడే. చూసిన్నంక తన చేతులు తనకే చెక్కముక్కల తీరు కనవడ్తయి.

"జర ఇటు వినుండ్రి," అని మొదలువెట్టిండు ముత్యం కాక. "ఆ మధ్యల ఒక ఐతారం ఒక్క ఫోటో స్టేటస్‌ల పెట్టిన. పెద్దదేం గాదు. కొత్త అంగీ, ముంగట నాటుకోడి కూర, రెండు జొన్నరొట్టెలు, మొఖం మీద నవ్వు. గంతే. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"కోడి అరిగింది," అన్నడు అహరోను. అప్పుడే షిఫ్టు దిగిండు, చెవుల సందుల ఇంకా బొగ్గు మసి ఉన్నది.

"నీ తలకాయ. గోడవతల అంతయ్య ఇంట్ల గారోజు పప్పుచారు. నా ఫోటో చూసేదాక గా పప్పుచారు అమృతం, రెండుసార్లు వేయించుకున్నడు. చూసిన్నంక గదే చారు గొంతు దిగలే. ఉప్పు తగ్గలే, పులుపు తగ్గలే. తగ్గింది అంతయ్య!"

బెంచీలు నవ్వినయి. కైనాత్ నవ్వలే.

"ఎందుకంటవా? బియ్యానికి కిలో ఉన్నది, గుడ్డకు మీటరున్నది. నా బతుకు మంచిగున్నదా లేదా అని కొలుచుకుందామంటే ఏమున్నది? ఏం లేదు. గందుకే మనిషి పక్కోన్ని చూస్తడు. పక్కోడే కిలో, పక్కోడే మీటరు."

"అట్లయితే మంత్రి బంగ్లా చూసి ఏడ్వాలె గదా అంతయ్య?" అన్నడు అహరోను.

"మంత్రితోని ఆయనకేం పోటీ? నేను, అంతయ్య ఒకే షిఫ్టుల చేసినోళ్లం, ఒకే జీతం, ఒకే వరుస క్వార్టర్లు. మనసొంటోడు మనకంటె ఒక్క మెట్టు మీద నిలవడితెనే కడుపు మండుడు."

కైనాత్‌కు లేచి ఆయన నోట్ల బన్ను కుక్కాలనిపించింది. సినిమావాళ్ల బట్టలు ఆమె రోజూ వంద చూస్తది, ఏ ఒక్కటీ గుచ్చదు. గుచ్చేది ఒకే బెంచీ మీద కూసున్న యుమ్నా. గీ ముచ్చట తెలుసుకునేతందుకు ఈ కోతల మనిషే దొరకాల్నా?

"కోడి ఫోటో అయిపాయె. నెల తిరగకముందే ఏసీ ఫోటో పెట్టిన. ఏమైందో తెలుసా? నట్టనడుమ చలికాలం! నా ఫోటో చూసుడుతోనే మా వరుస నలభై క్వార్టర్లకు ఉక్కపోత పట్టింది. స్వెట్టర్లు విప్పి విసనకర్రలు పట్టిండ్రు. ఒకామె దుప్పటి తడిపి కప్పుకున్నది. వద్దురా అని నేనే ఫోటో తీసేస్తే, పది నిమిషాలల్ల మళ్ల అందరికి వణుకు!"

"నేను గా వరుసల్నే ఉంట," అన్నడు అహరోను. "నాకైతే ఏం గాలే."

"గాదు. ఎందుకంటె నీ పానం ఏసీ మీద లేదు, చర్చిల పాట మీదున్నది. మొన్న నీకంటె మంచిగ పాడినోని వీడియో వచ్చింది చూడు, గప్పుడేమైంది? నిజం చెప్పు."

అహరోను గ్లాసు తిప్పుకుంట కూసున్నడు. "రెండు రోజులు గొంతు లేవలే. అబద్ధం ఎందుకు? తర్వాత ఆయనకే ఫోన్ చేసి, గా రాగం ఎట్ల పట్టినవన్నా అని అడిగిన. చెప్పిండు. ఇప్పుడు సగం వస్తది."

"సూసిండ్రా? అందుతదనిపిస్తే గదే ఫోటో నిచ్చెన. అందదనిపిస్తే గదే గోడ. నావి అన్నీ గోడలే!" అని తొడ చరిచిండు ముత్యం కాక. "ఇగ కుంటాల సంగతి వినుండ్రి. జలపాతం ముంగట నిలవడి మీసం తిప్పుకుంట దిగిన. గా ఫోటో కవ్వాల అడవిల గార్డు ఫోన్‌ల వడ్డది. గార్డు ఫోన్ బండ మీద పెట్టి నీళ్లకు పోయిండు. పులి వచ్చింది."

"పులి స్టేటస్ చూసిందా?"

"చూసింది. కాలుతోని జరిపి జరిపి చూసింది. జింకల ఫోటోలున్నయి, వాటి దిక్కు చూడనే లేదు. దుప్పితోని పులికేం పోటీ? నా మీసం కాడ ఆగింది. తన మీసం నీళ్లల్ల చూసుకున్నది. మళ్ల నాది చూసింది. గంతే, గాండ్రించుడు బంద్. మూడు రోజులు గడ్డి మేసింది! ఆఖరికి గార్డులు దండం పెట్టి, కాకా, ఒక్క చెడ్డ ఫోటో పెట్టు, పులి బతుకుతది అన్నరు."

"పెట్టినవా?"

"నాకు జాలి ఎక్కువ గదా. కాలుకు పట్టీ కట్టుకొని మూలిగేది ఒకటి పెట్టిన. ఏమైందో తెలుసా? పులి లేచి రెండు కొండలు దునికింది. ఇక్కడ అంతయ్య, పాపం ముత్యం, నా కాళ్లు గట్టిగున్నయి అని మూడు ప్లేట్ల పప్పుచారు తాగిండు. కిందున్నోన్ని చూస్తే మనిషికి పానం లేసొస్తది. కరీంనగర్ దాక ఎవ్వలకు మోకాళ్ల నొప్పులు లేకపాయె, మందుల దుకాణాలు మూతవడ్డయి! గని గా సంబురం రెండు రోజులే. మూడోనాడు అందరికి ఒక్కటే బుగులు, రేపు మన కాలు గూడ ఇట్లయితే అని."

బెంచీల మీద ఒకలి మీద ఒకలు వడి నవ్వుతున్నరు. కైనాత్ గడియారం దిక్కు చూసింది. ఐదు తక్కువ నాలుగు.

"ఆఖరిది వినుండ్రి, గిది అన్నిటికంటె పెద్దది. ఒకనాడు నా ఫోటోలు నేనే వరుసగ చూసిన. కోడికూర, ఏసీ, జలపాతం. చూసుకుంట చూసుకుంట నాకే కండ్లల్ల నీళ్లు. అరే, ఈ ముత్యమెవడు, ఇంత మంచిగ బతుకుతుండు! నేనేమో లుంగీ మీద చల్లటి చాయ తాగుతున్న. నా మీద నాకే కుళ్లు వచ్చింది. నన్ను నేనే బ్లాక్ చేసిన! భూమ్మీద తన ఫోటోతోని తానే ఓడిపోయిన మొగోడు నేనొక్కన్నే!"

"కాకా." కైనాత్ లేచి నిలవడ్డది. గొంతు తాను అనుకున్నదానికంటె ఎక్కువ లేచింది. "గా ఫోటోలు తీసింది నేనే."

ఫోన్ తీసి అహరోను చేతిల పెట్టింది.

"ఇగో, నా ఫోన్‌లనే ఉన్నయి. కోడికూరది నలభై ఏడు తీసిన, నువ్వు ఒక్కటి పెట్టినవ్. ప్లేటు మా హోటల్‌ది. మీద మూడు ముక్కలు, కింద అంత ఉల్లిగడ్డలే. ఏసీ మంచిర్యాల దుకాణంల గోడకున్నది, దుకాణపాయన వెళ్లగొట్టేలోపు నాలుగు తీసిన. కుంటాల జలపాతం ఫోటో స్టూడియో పరదా. నీ చెప్పుల కింద గచ్చు కనవడ్తదని నడుము కాడికి కోసినం."

ఫోన్ చేతులు మారింది. ఒక దాంట్ల కాక తుమ్ముతుండు. ఒక దాంట్ల ఈగను కొడ్తుండు, రొట్టె కిందవడ్డది. అహరోను కండ్లు తుడుసుకుంట నవ్విండు. ఇరవై మూడోది వచ్చినంక నవ్వుడు బంద్ చేసిండు. నవ్వమని కైనాత్ చెప్పకముందు తీసింది గది. కొత్త అంగీల ఒక్కడే కూసొని, ప్లేటు దిక్కు చూడకుండ అవతలికి చూస్తుండు కాక. ఆయన పెండ్లాం పోయి ఏడాదైంది, గా సంగతి బెంచీ మీద అందరికి తెలుసు.

ముత్యం కాక ఫోన్ తీసుకున్నడు. గదే ఫోటోను వేలుతోని పెద్దగ చేసిండు.

"అంతయ్య ఇంట్ల పప్పుచారే గని, నలుగురు కూసొని తింటరు," అన్నడు మెల్లగ. "ఆయన పెట్టేవి చూస్త నేను. రోజుకు పదిసార్లు. గందుకే నావి పెట్టిన." ఫోన్ కైనాత్ దిక్కు చాపిండు. "గీ నలభై ఆరు తీసెయ్ బిడ్డా. ఎవ్వలకు చూపకు."

కైనాత్‌కు కోపం తగ్గలే, ఇంకింత పెరిగింది. ఎవల మీదనో తెల్వకుండ. యుమ్నా ఒక్కొక్క నెమలికి ఎన్నిసార్లు దారం ఊడదీసిందో, వేళ్లకు ఎన్ని పొడుసుకున్నదో ఎవలకెరుక? ఊడదీసినయి ఎవ్వలు పెట్టరు. గీ ముచ్చట కైనాత్‌కు గీ దినం కొత్తగ తెలిసింది గాదు, కాక ఫోటోలు కోసిన దినమే తెలుసు. తెలిసీ కాలింది. రేపు చూసినా కాలుతది. తెలుసుడు వేరు, కాలుడు వేరు, గదే పరేషాన్.

ఫోన్ గుంజుకొని యుమ్నాకు రాసింది. ఆర్నెల్లల్ల మొదటి మాట. "నీ నెమలి మెడ దగ్గర దారం గుంజుకపోకుండ ఎట్ల తిప్పుతవ్?" పంపి, ఆమె ఫోటోలు కనవడకుండ చేసి, ఫోన్ పిండి డబ్బాల పెట్టింది.

గప్పుడే బుచ్చవ్వ ఆటో దిగి వచ్చింది. మగ్గం చుట్టు చీర విప్పి చూసింది. లోపల సగం కుట్టిన జాకెట్ ముక్క ఇంకా బిగించే ఉన్నది.

"గీ పువ్వు వంకరున్నదేందే?" అన్నది బుచ్చవ్వ.

కైనాత్ వంగి చూసింది. వంకరే. దాని పక్కన, అదే గుడ్డ అంచుకు, నిరుడు దసరాకు ముందు పరీక్షకని కుట్టిన పువ్వున్నది. అది పువ్వని చెప్తెగని తెల్వది.

"వంకరే," అన్నది కైనాత్. "నిరుడు గింత గూడ రాకుండె నాకు." మగ్గం మీద చెయ్యి పెట్టి తన దిక్కు గుంజుకున్నది. "అమ్మను బుచ్చవ్వా. ఊకెనే తిప్పిన, తిట్టుకో. కూసొని చాయ తాగి పో."