తల్లి చూపు పడ్డ చోటు

ఎడిటింగ్ గదులున్న మేడ కింద, టీ కొట్టు బెంచీ చివర కూర్చుంది దర్జీ అక్క. చేతిలో టీ చల్లారిపోయింది. ఆమె చూపంతా మెట్ల మీదే ఉంది. పైన ఆమె సీను చూస్తున్నారు మరి.

కెమెరా ముందు నిలబడటం ఆమెకి ఇదే మొదలు. చొక్కా కుట్టించుకోవడానికి వచ్చిన డైరెక్టరు, మిషను మీద వంగిన ఆమె ముఖం చూసి తన సినిమాలో తల్లి వేషం ఇచ్చాడు. ఉన్నదల్లా ఒకటే పెద్ద సీను: కొడుకు బస్సెక్కి వెళ్ళిపోతుంటే తల్లి నిలబడి చూడాలి, ఏడవాలి. ఎంత ప్రయత్నించినా ఆమెకి కన్నీటి చుక్క రాలేదు. నిన్న ఆ సీను ఫిల్ము ముక్కలు అతికించి చూపిస్తే డైరెక్టరు మొహం చిట్లించి, ఈవిడ పనికిరాదు, ఇంకొకావిణ్ణి పెట్టి మళ్ళీ తీద్దాం అన్నాడట. ఆ మాట ఆమె చెవిన పడనే పడింది. ఇవాళ మరోసారి చూస్తున్నారు. ఇవాళ కూడా నచ్చకపోతే అంతే సంగతులు. వేషం దొరికిందని వీధి వీధంతా చెప్పుకుంది పాపం. ఆడపడుచైతే, అద్దంలో ముఖం చూసుకునే ఒప్పుకున్నావా వదినా అని అప్పుడే ఒక చురక అంటించింది.

బెంచీ మధ్యలో ఎడిటరు కత్తెర బాబాయి, ఆయనకి అటూ ఇటూ సౌండాయన, సినిమా బండి డ్రైవరు. ఆయన అన్న కూతురు పైన ఎడిటింగ్ మిషను దగ్గర కూర్చుంటే, ఆయన టీకని దిగాడు. ఆయన టీకి దిగితే గ్లాసు ఖాళీ అవుతుంది గానీ కబుర్లు అవ్వవు.

"ఏడుపు రాలేదని దిగులెందుకు చెల్లెమ్మా?" అన్నాడు. "ముఖం ఏడవక్కర్లేదు. ముఖం పక్కన మేం ఏం పెడతామో, అదే చూసేవాణ్ణి ఏడిపిస్తుంది. నా తొలిరోజుల్లో ఒక సినిమాకి హీరో షూటింగు ఎగ్గొట్టాడు. నేనేం చేశాను, గేటు కాడ వాచ్‌మన్‌ని తెచ్చి కూర్చోబెట్టి, ఏమీ ఆలోచించకురా అని చెప్పి ముఖం తీయించాను. ఆ ఒక్క ముక్కే మూడు చోట్ల వాడాను. ముఖం, తర్వాత ఖాళీ ఊయల, మళ్ళీ ముఖం. జనం ఏమన్నారు? అయ్యో, బిడ్డ పోయినట్టుంది, గుండె రాయి చేసుకున్నాడు అన్నారు. అదే ముఖం, తర్వాత గడప మీద పాము, మళ్ళీ అదే ముఖం. వణికిపోతున్నాడు పాపం అన్నారు. అదే ముఖం, ఆడుకుంటున్న పాప, మళ్ళీ ముఖం. ఎంత మురిసిపోతున్నాడో చూడు అన్నారు. ముఖం ఒకటే నాయనా, రెప్ప వాల్చడం కూడా ఒక చోటే. కిటుకంతా ఆ రెండోసారి ముఖంలో ఉంది. అక్కడికొచ్చేసరికి చూసేవాడే తన మనసులోది తెచ్చి అందులో పోస్తాడు."

మరి ఆ ముఖమే బాగా నటిస్తే ఇంకా మంచిది కదా అని టీ కొట్టాయన అడిగాడు.

"చెడుతుంది. నిండిన గిన్నెలో ఏం పోస్తావు?"

దర్జీ అక్క కాస్త ముందుకు జరిగింది. ఆ మాటకి ఆమెకి ప్రాణం లేచొచ్చినట్టు అనిపించింది.

వరస మార్చినా మనిషి మారిపోతాడని బాబాయి అందుకున్నాడు. ముందు నవ్వు, తర్వాత కత్తి, ఆ తర్వాత బెదురు అంటే వాడు పిరికివాడు. అవే ముక్కలు తిరగేసి ముందు బెదురు, తర్వాత కత్తి, చివర నవ్వు పెడితే వాడే మొనగాడు. అయితే చూపు ఎటుందో వస్తువు కూడా అటే ఉన్నట్టు కుదరాలి, రెండింటి మీదా వెలుతురు ఒక్కలా ఉండాలి. లేకపోతే అతుకు కనిపిస్తుంది, మాయ కాస్తా మాయమవుతుంది.

ఇంతవరకూ నిజమేనని సౌండాయన తల ఊపాడు. అదే ఆయన చేసిన తప్పు. బాబాయికి ఊపొచ్చేసింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక ప్రేమ సినిమాలో కుర్రాణ్ణి కొండ మీద తీశారు, పిల్లని సముద్రం ఒడ్డున తీశారు. ఒకరి మొహం ఒకరు చూడలేదు. నేను వాడి చూపు కుడికి, ఆమె చూపు ఎడమకి పెట్టి అతికేశాను. జనం ఎదురెదురుగా నిలబడ్డారనుకున్నారు. జనం సంగతి సరే, వాళ్ళిద్దరూ సినిమా చూసి, మనం ఇంతగా ప్రేమించుకున్నామా అని పెళ్ళి చేసేసుకున్నారు. పెళ్ళిపెద్దని నేనే."

"పిల్లలు కూడా మీ అతుకేనా?" అన్నాడు డ్రైవరు.

"నువ్వు విను ముందు. ఇంకో సినిమాలో ఎండిపోయిన పొలం పెట్టాను, తర్వాత మబ్బు, మళ్ళీ పొలం. వాన ముక్క తీయనే లేదు. అయినా హాల్లో చినుకులు. మొదటి వరస వాళ్ళు గొడుగులు విప్పితే వెనకవాళ్ళకి తెర కనపడక కొట్లాట. బొమ్మ ఆపితే గానీ వాన ఆగలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చివరికి నాకు ముఖాలే దొరకలేదు. ఖాళీ కుర్చీ, తర్వాత ఆరిపోతున్న దీపం, మళ్ళీ కుర్చీ పెట్టాను. ఆ ఏడాది ఉత్తమ నటుడి బహుమతి కుర్చీకే ఇచ్చారు. నాలుగు కాళ్ళుండీ వచ్చి తీసుకోలేదు, అంత పొగరు దానికి."

బెంచీ అంతా నవ్వింది. దర్జీ అక్కకి మాత్రం నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"నా సీను కూడా మీరే అతికారా అన్నయ్యగారూ?"

"మరెవరు? నా చెయ్యి పడ్డాక తిరుగుందా?"

"మరి నిన్న నేను పనికిరానని ఎందుకన్నారు?"

డైరెక్టరుకి నిన్న తలనొప్పిగా ఉందని, మేధావులకి అలాగే ఉంటుందని బాబాయి ఏదో అంటుండగానే, ఆయన అన్న కూతురు మెట్లు దిగి వచ్చింది. చివరి మాటలు విన్నట్టుంది.

"తలనొప్పి కాదు బాబాయ్, నీ మూట," అంది.

ఏ మూట అని అందరూ అడిగారు. ఆమె నిలబడే చెప్పింది. కొడుకు ఒళ్ళో తల్లి కట్టిచ్చిన రొట్టెల మూట ఉంటుంది. ఆ ముక్క చాలా అందంగా వచ్చిందని బాబాయి ముచ్చటపడ్డాడు. తల్లి ముఖం, దగ్గర్నుంచి తీసిన రొట్టెల మూట, మళ్ళీ తల్లి ముఖం. అలా అతికాడు. పైగా ఆ మూటని తెర మీద తెగ నిలిపాడు.

"డైరెక్టరుగారు చూసి, కొడుకు పోతుంటే ఈవిడకి ఆకలేస్తోందేంటి అన్నారు. నిజంగా అలాగే ఉందక్కా. రొట్టెలు వెళ్ళిపోతున్నాయే అని చూస్తున్నట్టుంది."

టీ కొట్టాయన గరిట పక్కన పెట్టి మరీ నవ్వాడు. డ్రైవరు నవ్వుతూ బెంచీ మీంచి కిందికి జారిపోయాడు. దర్జీ అక్క నవ్వలేదు. నోరు తెరుచుకుని వింటోంది.

"అంటే నా ముఖం..."

"నీ ముఖంలో తప్పేం లేదక్కా. పక్కన పెట్టినదే తప్పు."

ఆ అమ్మాయి సీను మళ్ళీ అతుకుతూ, దర్జీ అక్క ఏడవబోయి మూతి వంకర్లు తిప్పిన ముక్కలన్నీ తీసేసిందట. దీపాలు సరిచేస్తుండగా కెమెరా ఊరికే తిరిగినప్పటి ముక్క ఒకటి దొరికింది. ముందు బస్సు కిటికీ, కొడుకు చెయ్యి లోపలికి వెళ్ళడం. తర్వాత ఈ ముఖం. ఆ తర్వాత ఖాళీ రోడ్డు. మళ్ళీ ముఖం, ఈసారి ఇంకాస్త ఎక్కువసేపు. బస్సు చప్పుడు మాత్రం ముఖం మీద కూడా సాగనిచ్చి మెల్లగా తగ్గించింది. ఇంతకీ అప్పుడు ఏం ఆలోచిస్తున్నావక్కా అని అడిగింది.

దర్జీ అక్కకి గుర్తొచ్చింది. దీపాలాయన నిచ్చెన మీద ఉన్నాడు. అది జారుతుందేమోనని తను అప్పుడు దాని వంకే చూస్తోంది.

"నిచ్చెన బస్సు పోయే వైపే ఉంది, అదే కలిసొచ్చింది," అంది ఆ అమ్మాయి. "పైన డైరెక్టరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నారు. ఇంకొకావిణ్ణి పిలవొద్దన్నారు. ఇంత బరువు మోసే ముఖం ఎక్కడ దొరుకుతుంది అన్నారు."

దర్జీ అక్క గ్లాసు కింద పెట్టింది. నిన్నటి నుంచి గుండెల మీద ఉన్న బండ ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది. ఆడపడుచుకి ఏం చెప్పాలో ఆలోచించాల్సిన పని లేదు. ఇంటికి హాయిగా తలెత్తుకుని వెళ్ళొచ్చు. ఊపిరి పీల్చుకుని, చల్లారిన టీ పారబోసి ఇంకొకటి వేడిగా పొయ్యమంది.

అప్పుడు అందరూ బాబాయి వైపు తిరిగారు. ఆయన గ్లాసు పట్టుకుని ఎదురుగా ఉన్న గోడని చూస్తున్నాడు. నవ్వూ లేదు, కోపమూ లేదు, రెప్ప కూడా కదలడం లేదు. పరువు పోయిందని కుంగిపోయాడన్నాడు టీ కొట్టాయన, పక్కవాళ్ళ చెవిలో గొణిగినట్టు. కాదు, ఇంకో కోత వెతుక్కుంటున్నాడన్నాడు డ్రైవరు. దర్జీ అక్క కూడా ఆ ముఖాన్ని చాలాసేపు చూసింది. ఎటు నుంచి చూసినా ఆమెకి మాత్రం, ఆయన తన కోసం సంతోషపడుతున్నట్టే కనిపించాడు.