దివ్య సంస్కారాలకు జత కూర్చిన కృపావతి గారు

క్రీస్తుశకం 1992 జూన్ పదిహేనో తేదీన, తొలకరికి తడిసిన చీర కుచ్చెళ్లు సవరించుకుంటూ అంబాజీపేట కథోలిక పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయినిగా ప్రవేశించిన శ్రీమతి కృపావతి గారు, ఈ నెలాఖరున అమలాపురంలోని మన ఉన్నత పాఠశాల నుండి పదవీ విరమణ చేయుచున్నారు. అంబాజీపేటలో కొబ్బరి లారీల మోతను మించిన గొంతుతో పద్యం చెప్పేవారని అక్కడి పాత విద్యార్థులు నేటికీ నవ్వుతూ తలచుకుంటారు.

అమలాపురానికి బదిలీ అయిన పిమ్మట, కథోలిక విద్యార్థులకు తమ మత విశ్వాసాలను వివరించే సత్యోపదేశం బోధించే బాధ్యత కూడా వారికి అప్పగించబడింది. తొమ్మిదో తరగతి పిల్లలు సప్త సంస్కారాలను ఎక్కంలా ఒప్పజెప్పి, అర్థం అడిగితే నేల చూపులు చూడడం వారికి రుచించలేదు. పాత శుభలేఖల వెనుకవైపు ఖాళీగా ఉంటుంది గదా. వాటిని ముక్కలుగా కత్తిరించి, కొన్నింటిపై సంస్కారాల పేర్లు, కొన్నింటిపై వాటి బాహ్య చిహ్నాలు, మరికొన్నింటిపై అవి ప్రసాదించే వరాలు వ్రాసి, జత కలపమని పిల్లల ముందు పరిచారు.

జ్ఞానస్నానానికి నీరు, దివ్యసత్ప్రసాదానికి గోధుమ అప్పము, ద్రాక్షారసము సులువుగానే కుదిరేవి. తైలం దగ్గర మాత్రం తగవు వచ్చేది. విశ్వాసంలో స్థిరపరచే భద్రమైన అభ్యంగనానికి పరిమళం కలిపిన క్రిస్మా తైలమని, వ్యాధిగ్రస్తుల అభ్యంగనానికి వేరే తైలమని వారు ఓర్పుగా విడదీసేవారు. పాపసంకీర్తనానికి పశ్చాత్తాపము, పాపాలను ఒప్పుకోవడము, గురువు, అంటే ఫాదరుగారు, పలికే పాపక్షమాపణ. గురుపట్టాభిషేకానికి పీఠాధిపతులైన బిషప్పుల హస్తనిక్షేపము, అభిషేక ప్రార్థన. జ్ఞానవివాహాన్ని ఒకరికొకరు ప్రసాదించుకొనేది వధూవరులేనని, గురువు కథోలిక సంఘమైన తిరుసభ పక్షాన సాక్షి అని చెప్పినప్పుడు తరగతి తరగతంతా నోరు తెరిచేది. ఒక్కసారే పొందదగినవి, ఆత్మపై చెరగని ముద్ర వేసేవి ఏవని అడిగితే, జ్ఞానస్నానము, భద్రమైన అభ్యంగనము, గురుపట్టాభిషేకము అనే మూడు ముక్కలను పిల్లలు పక్కకు తీయాలి. వీటన్నింటి మధ్య దేనికీ జత కుదరని ముక్క ఒకటి కావాలనే కలిపేవారు. దానిపై "చావు ఖాయమైనవారికి మాత్రమే" అని ఉండేది. దాదాపు అందరూ దానిని వ్యాధిగ్రస్తుల అభ్యంగనం పక్కనే పెట్టి దొరికిపోయేవారు.

రెండేళ్ల క్రితం అలా దొరికిపోయిన వారిలో ఓడలరేవు నుండి వచ్చే వాణి ఒకతె. ఆ వారమే ఆమె తాతగారు, పడవ సరంగు బంగారయ్య గారికి కాకినాడలో గుండె ఆపరేషన్ నిశ్చయమైంది. అభ్యంగనం ఇవ్వడానికి వచ్చిన ఊరి చర్చి విచారణ గురువులను ఆయన గుమ్మంలోంచే పంపివేశారు. ఆ తైలం రాయించుకున్నవాడెవడూ మళ్లీ వల పట్టలేదని ఆయన గట్టి నమ్మకం. ఇక ఆపరేషనూ వద్దని భీష్మించుకున్నారు. వాణి కన్నీళ్లతో ఈ సంగతి చెప్పగా, కృపావతి గారు ముక్కల సంచీ చంకన పెట్టుకొని సాయంత్రం ఆటోలో ఆ పిల్లతోపాటే బయలుదేరారు. తాను చెప్పిన పాఠం ఒక ప్రాణానికి అక్కరకు వస్తుందో రాదో అన్నదే దారి పొడవునా వారి ఆలోచన.

అరుగు మీద ముక్కలు పరిచి, బంగారయ్య గారిని ఆటకు కూర్చోబెట్టారు. తాను పొందిన సంస్కారాలను ఆయన చకచకా జత చేశారు. చివరికి ఆ దొంగ ముక్క తీసి అభ్యంగనం పక్కన పెట్టారు. వాణి దానిని మెల్లగా లాగివేసి, "దానికి జత ఇది తాతా" అంటూ మరో ముక్క పెట్టింది. బలము, శాంతి, ధైర్యము, పాపక్షమాపణ, ఆత్మకు మేలైతే దేహానికి స్వస్థత అని దానిపై ఉంది.

బంగారయ్య గారు ఆ ముక్కను చేతిలోకి తీసుకుని, "ఒకసారి రాయించుకుని బాగైపోయేక, మళ్లీ జబ్బు చేస్తే మరోటండీ?" అని అడిగారు.

"మళ్లీ తీసుకోవచ్చండి బాబాయిగారూ. పెద్ద ఆపరేషన్‌కి వెళ్లేవాళ్లు ముందుగా తీసుకోవడం మంచిదండి. మిమ్మల్ని పంపించెయ్యడానికి కాదండి, నిలబెట్టడానికండి," అన్నారు కృపావతి గారు.

"ఆయ్. అయితే ఫాదరుగార్ని రమ్మనండి."

మరునాడు ఉదయం గురువులు వచ్చి, మౌనంగా ఆయన తలపై చేతులుంచి, నుదుటిపైన, అరచేతులలోను తైలం పూసి ప్రార్థించారు. ఇంటిల్లిపాదీ ఆమెన్ పలికారు. బంగారయ్య గారు కాకినాడకు నవ్వుతూ బయలుదేరారు, ఆపరేషన్ విజయవంతమై ఆరోగ్యం కుదుటపడింది. ఆ క్రిస్మసుకు స్వయంగా పట్టిన పండుగప్ప చేపతో బడికి వచ్చి, ఉపాధ్యాయుల గదిలో అందరికీ తన గుండె కబుర్లు చెప్పి వెళ్లారు. వాణి ఇప్పుడు ఆదివారం తరగతిలో చిన్నపిల్లలకు సత్యోపదేశం చెప్పుచున్నది.

ఇటువంటి ఉపాధ్యాయిని మన మధ్య పనిచేయడం మన భాగ్యము. శ్రీమతి కృపావతి గారు సంపూర్ణ ఆరోగ్యముతో, చల్లని మనస్సుతో, మనుమల సందడి నడుమ నిండు నూరేళ్లు వర్ధిల్లాలనీ, వారి గొంతు ఏనాడూ తగ్గకూడదనీ ఈ పాఠశాల కుటుంబమంతా మనసారా ప్రార్థించుచున్నది.