తూకానికి ముందు బూరెలు

నూకరత్నం బరువులెత్తే పిల్ల. ఆడపిల్ల బరువులెత్తడమేంటని మూతులు తిప్పకండి. బిందెలూ గడ్డిమోపులూ మనం ఎత్తట్లేదా ఏంటి, అదీ ఎత్తుడే. ఇదేమో ఇనప రాడ్డుకి రెండు పక్కలా చక్రాలు తగిలించి నెత్తి మీదకి ఎత్తుద్ది, దానికి చప్పట్లు కొడతారు, మనకి కొట్టరు, అంతే తేడా. అయితే ఆ ఆటలో ఏవైందంటే, ఎత్తే బరువొక్కటే చూడరంట, ఎత్తే మనిషి బరువు కూడా చూస్తారంట. ఇది యాభై ఐదు కిలోల గుంపులో పిల్ల. పోటీ రోజు పొద్దున్నే కాటా ఎక్కిస్తారు. యాభై ఐదు దాటి చిటికెడు ఎక్కువున్నా ఇంటికెళ్ళమ్మా అంటారు. పోయినేడు అదే అయింది. పోటీకి రెండ్రోజుల ముందు ఎవరిదో పెళ్ళికెళ్ళింది, తలా ఓ గరిటె వేశారు, మొహమాటానికి తింది. కాటా మీద మూడొందల గ్రాములు ఎక్కువొచ్చింది. గంట టైమిచ్చారంట. ఎర్రటెండలో దుప్పటి కప్పుకుని పరిగెత్తింది, నోట్లో ఊరిన ఉమ్ము కూడా మింగకుండా ఉమ్మింది, జడలో పిన్నులు పీకేసింది, అయినా ఇంకో రెండొందల గ్రాములు దిగలేదు. ఏడ్చుకుంటా బస్సెక్కింది. ఈ ఏడు కూడా పోయిందనుకో, వయసు దాటిపోద్ది, ఆటల హాస్టల్లో సీటు రాదు, ఇంక వాళ్ళమ్మతో పాటు రొయ్యల షెడ్డుకెళ్ళి తలకాయలు తుంచుకోవడమే. మూడొందల గ్రాములంటే ఎంతనుకున్నారు? ఓ ఆరు బూరెలు. ఆరు బూరెలొచ్చి పిల్ల బతుకు మీద కూచున్నాయి.

ఈ ఏడు మంగళవారం తూకం. ఆదివారం వాళ్ళ మేనమామ సూర్రావు గృహప్రవేశం. ఎళ్ళకుండా కుదురుద్దా? కుదరదు. ఆ పిల్లని మొట్టమొదట సైకిలెక్కించుకుని బరువులెత్తడం నేర్పే మాస్టారి దగ్గరికి తీసుకెళ్ళింది ఆ మావయ్యే. మావయ్య మంచోడే గాని, అత్త ఉంది చూశారూ, మంగతాయారు, ఆవిడతోనే వచ్చింది తంటా. ఆవిడ పెడతాదంటే అన్నం పెట్టడం కాదు, తన గొప్ప పెట్టడం. ఆవిడింట్లో బంతిలో కూచున్న మనిషి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాలి, అయ్యో చాలమ్మా చచ్చిపోతానమ్మా అనాలి, అది పదిమందీ వినాలి, అప్పుడు గాని ఆవిడికి వంట చేసినట్టుండదు. వద్దంటే మొహమాటం అంటాది, చాలంటే ఇంకో గరిటె వేస్తాది, ఊరుకుంటే రెండేస్తాది. మరి ఏమనాలంటారు? అదే ఆ పిల్లకీ తెలీలేదు. ఓ పక్కన తినేవాళ్ళు పొట్ట పట్టుకుని మూలుగుతుంటే, అదిగో చూడండి మా మర్యాద అని నవ్వుకునే మనిషి. మర్యాదంట, మర్యాద!

వాళ్ళమ్మ ఏమందంటే, ఉపవాసం అని చెప్పెయ్యవే అందంట. ఎర్రి తల్లి, ఉపవాసం అంటే అన్నం ఒక్కటే మానిపిస్తారు, దాని బదులు ఉప్మా, అరటిపళ్ళు, పాలకోవా తెచ్చి ముందు పెడతారు, అన్నమే నయం. పోనీ షుగరని చెప్పవే అందంట. పెళ్ళి కాని పిల్లకి షుగరని ఆ ఇంట్లో చెప్తే, చెయ్యి కడుక్కునే లోపు ఆ మాట మూడూళ్ళు తిరిగొస్తాది. అబద్ధాలేవీ వద్దని పిల్ల మాస్టారిని అడిగింది. ఆయన ఏం చెప్పేడంటే, అమ్మాయ్, మానేసి నీరసపడితే రాడ్డెవరెత్తుతారు, తిను. పప్పు తిను, కూర తిను, పెరుగు తిను, అన్నం గుప్పెడు తిను. తీపీ నూనె సరుకూ రుచికి ఒక్క ముక్క. అన్నిటికంటే ముఖ్యం, ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ జోలికెళ్ళకు. ఉప్పు తింటే దాహమేస్తాది, తాగిన నీళ్ళు ఒంట్లో నిలబడిపోతాయి, రెండ్రోజులు దిగవు. నువ్వు తిన్నది కాదు, నీలో నిలిచిన నీళ్ళే కాటా మీద తూగుతాయి, పోయినేడు నిన్ను ముంచింది సగం అదే, అన్నాడంట. చదువుకున్నోడు, బానే చెప్పేడు. కానీ మంగతాయారు గరిటెకి అడ్డం ఎలా పెట్టాలో ఆయనకేం తెలుసు, ఆయనది ఒంటి కాపురం.

అది పిల్లే ఆలోచించుకుంది. ఆదివారం బయల్దేరే ముందు ఇంట్లోనే రెండు గుడ్లు ఉడకేసుకుని తింది, ఉప్పు లేని మజ్జిగ తాగింది. ఆకలితో ఎళ్ళినోడు బూరె వాసనకే ఓడిపోతాడు, అవునా కాదా? ఎళ్ళగానే పెద్దరికం చేస్తా కుర్చీలో కూచోలేదు, తిన్నగా వంటపాకలోకి ఎళ్ళింది. అత్తా, నీ చేతి పనసపొట్టు కూర వాసన వీధి చివరికొచ్చింది, అంది. అత్త మొహం ఇంతైంది. అప్పుడు నెమ్మదిగా, ఎవరూ లేకుండా చూసి, అత్తా ఎల్లుండి నాకు తూకం, నువ్వు చేసిందల్లా రుచి చూస్తాను, బూరెల దగ్గర మాత్రం బలవంతం చెయ్యకు, పోయినేడు ఏడ్చుకుంటా వచ్చేను, నీకు తెలుసుగా, అంది. బంతిలో పదిమందిలో వద్దంటే ఎవరికైనా చిన్నతనం, అందుకని చాటుగా ముందే చెప్పింది. అత్త ఏమందీ, అయ్యో నాకు తెలీదటే కోడలా, అలాగేలే అంది. అంది గాని, పాకలో ఉన్న అత్త వేరు, బంతి ముందు నిలబడ్డ అత్త వేరు.

మొదటి బంతి కూచున్నారు. పిల్ల వరస చివర, నింపాదిగా తినే ఓ ముసలాయన పక్కన చూసుకుని కూచుంది. గబగబా తినేవాడి పక్కన కూచుంటే మనమూ గబగబా తింటాం, ఖాళీ ఆకు కనపడితే గరిటె ఆగదు. బూరె ఒకటి, పులిహోర చారెడు, అన్నీ వేయించుకుంది, దేన్నీ కాదనలేదు. బూరెని సగం తుంపి తిని మిగతా సగం ఆకులో ఓ మూల కాపలా పెట్టింది. ఎవరొచ్చినా, ఇంకా ఉందండీ, ఇది కానివ్వండి అనొచ్చు కదా. ఇంకో పని చేసింది చూడండి, దీనికి దణ్ణం పెట్టాలి. ఎవరూ అడక్క ముందే తనే కేకేసింది, అత్తా ఇటు రా, పప్పు మారు వెయ్యి, పనసపొట్టు కూర కూడా వెయ్యి, ఎంత బాగుందో అని. అత్త పరిగెత్తుకొచ్చింది. వడ్డించేవాళ్ళకి కావల్సింది మారు వెయ్యడం, ఏది మారు వేశామన్నది కాదు. తను తినగలిగింది తనే అడిగేసుకుంటే, తినలేంది తోసే పని వాళ్ళకి తగ్గుద్ది. అందరూ ఇంకా పులుసు కలుపుకుంటుంటేనే పిల్ల పెరుగు వేయించుకుంది. పెరుగు పడ్డ ఆకులో ఇంక తీపెవరేస్తారు?

మంగతాయారేస్తాది. బూరెల పళ్ళెం ఓ చేత్తో, నెయ్యి గిన్నె ఓ చేత్తో పట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడింది. బూరెకి బొటనేలితో చిల్లు పొడిచి నిండా నెయ్యి పోసి, పట్టవే కోడలా, ఇంకో నాలుగు, అంది. చాలత్తా అంది పిల్ల. అత్త గొంతు పెంచింది. ఏమర్రా చూశారా, మా ఇంటి బూరె దీనికి ఆనట్లేదు, మెడల్సొచ్చేక మేం కనపడతామా, మీ మావయ్య కొత్తిల్లు కట్టుకున్న రోజున ఆకులో సగం బూరె పడేసింది, తినకపోతే నా మీద ఒట్టే! బంతి మొత్తం తినడం ఆపి చూస్తుంది. అవతల మావయ్య నీళ్ళ చెంబు పట్టుకుని అలా నిలబడిపోయేడు. కాసేపటి ముందు పాకలో అలాగేలే అన్న మనిషే! సిగ్గు లేకపోతే సరి. నాకైతే వింటుంటేనే ఆ గిన్నెలో నెయ్యి ఆవిడ నెత్తి మీదే పోద్దామనిపించింది, అనుకోండి.

పిల్ల మాత్రం నవ్వింది. ఒట్టు పెట్టకత్తా, నువ్వు నూరేళ్ళుండాలి, అంది. పళ్ళెడు బూరెలేం చేసుకుంటాను, నీ చేత్తో ఒక్క ముక్క నోట్లో పెట్టు, అదే నాకు నాలుగు పెట్టు, అని నోరు తెరిచింది. అంతమంది ముందు మేనకోడలు నోరు తెరిస్తే ఏం చేస్తాది? తుంపి పెట్టింది. బంతిలో ఆడాళ్ళు, అబ్బ, అత్తంటే ఎంత ప్రేమో అన్నారు. అత్త పొంగిపోయింది. అప్పుడు పిల్ల, మిగతావి కట్టివ్వత్తా, మంగళవారం తూకం దిగగానే ముందు నీ బూరే తింటాను, అంది. అత్తకి కావల్సింది పెట్టడమే గదా, పెట్టేసింది. ఆకు చుట్టి దారం కట్టి ఒకటా రెండా, డజను బూరెలు పొట్లం కట్టిచ్చింది. పిల్ల చెయ్యి కడుక్కుని, ఇంక ఖాళీగా కూచుంటే ఎవరో ఒకరు పళ్ళెం పట్టుకొస్తారని, కూర బకెట్టు అందుకుని రెండో బంతికి తనే వడ్డనకి దిగింది. గరిటె పట్టుకున్న మనిషి నోరెవరూ చూడరు గదా. ప్రతి ఆకు దగ్గరా వంగి, ఎంత వెయ్యమంటారు అని అడిగి వేసిందంట. అడిగి వెయ్యడం! ఆ ఇంట్లో అదే మొదలు.

ఇంతలో ఏవైందంటే, కారొచ్చి ఆగింది. మంగతాయారు కూతురి అత్తగారు, అదే వియ్యపురాలు దిగింది. మూడో బంతిలో ఆకేశారు. బూరెలకి లోపలికెళ్తే పళ్ళెంలో నెయ్యి మరకలున్నాయి, బూరెలు నిండుకున్నాయి. ఎక్కడికెళ్ళాయంటారా? పెరట్లో మొదటి బంతి ఆకులు చూడండి, ఆకుకి రెండు మూడు బూరెల చొప్పున వదిలేశారు, కుక్కలు తింటున్నాయి. ఒట్టు పెట్టి వడ్డించినవే అన్నీ. రెండో బంతి ఆకులు చూస్తే తుడిచినట్టున్నాయి. మంగతాయారు మొహం పాలిపోయింది. బూరె లేకుండా వియ్యపురాలికి వడ్డిస్తే, ఆవిడ చచ్చేదాకా అంటానే ఉంటాది. గుమ్మం దగ్గర గుడ్లప్పగించి నిలబడింది. పిల్ల చూసింది. దెప్పలేదు. తన పొట్లం దారం విప్పి, డజనూ పళ్ళెంలో సర్ది, చిల్లు పెట్టి నెయ్యి పోసి, అత్త చేతిలో పెట్టింది. నువ్వే వడ్డించత్తా, అంది. నేనైతే ఇచ్చుందును కాదు. మీరూ ఇచ్చుందురు కారు, నాకు తెలుసు.

మంగళవారం కాటా ఎక్కింది. యాభై నాలుగు కిలోల తొమ్మిదొందల గ్రాములు. ఒక్క నూరు గ్రాముల సందు అనుకో, అంటే రెండు బూరెలు. ఎక్కింది, దిగింది, రాడ్డెత్తింది, మొదటొచ్చింది, హాస్టల్లో సీటొచ్చింది. మావయ్య సైకిల్ మీద ఊరంతా తిప్పేడు. రొయ్యల షెడ్డు ముందు నుంచి తిప్పేడు, కావాలనే.

మరి మంగతాయారు ఊరుకుంటాదా? ఇప్పటికీ ఏ బంతిలో కూచున్నా అదే చెప్తాది. ఆ పిల్లకి ఆ బలం ఎక్కడిదనుకున్నారు, తూకానికి ముందు నేను డజను బూరెలు పెట్టేను, అవి తినే ఎత్తింది, అంటాది. చెప్పి పక్కవాడి ఆకులో ఇంకో బూరె పడేస్తాది. నూకరత్నం విని నవ్వి ఊరుకుంటాది, దాని మంచితనం. నేనెందుకూరుకుంటాను? ఆ డజనులో ఎక్కువ తిన్నది వియ్యపురాలు. ఆవిడ ఇప్పటిదాకా ఎత్తినవేవన్నా ఉంటే, అవి ఎత్తిపొడుపులే.