చివర్న చెప్పాల్సిన పేరు

పుణ్యవతని మా గోదారి లంకలో ఓ కోడలుందండి. వాళ్లింటి పెరట్లో ఇంత పశువులపాక, వరసగా రాటలు, చూరుకి పలుపులు, అన్నీ ఉన్నాయి గానీ కట్టడానికి గేదె లేదు. "ఓ గేదెని కొనుక్కుందాం అత్తయ్యా" అని ఈ పిల్ల అడగని నెల లేదంట. అత్తగారు అచ్చియ్యమ్మ అవుననదు, కాదనదు, లేచి అవతలికెళ్లిపోద్ది. మొగుణ్ణడిగితే "అమ్మనడుగు" అంటాడు. ఏం అర్థమౌద్ది చెప్పండి? పెద్ద వరదొచ్చింది ఈ పిల్ల కాపరానికి రాకముందు. నీళ్లు ఎంతమట్టుకొచ్చాయో గోడ మీద ప్రతివాళ్లూ చూపిస్తారు గానీ, ఆ పైన ఒక్క మాట మాట్లాడరు.

సరే, ఏమైందంటే, గ్రంథాలయ వారోత్సవాలొచ్చాయి. గోదారి వరద మీద పుస్తకం రాసిన పెద్దాయన్ని మా లైబ్రరీకి పిలిచారు. లైబ్రరీ చూసే ఆదిశేషు గారు, "ఊరు మొత్తానికి పుస్తకం ఆసాంతం చదివింది నువ్వే, పరిచయం నువ్వే చెయ్యాలమ్మా" అన్నారంట. మైకంటేనే వణుకు ఆ పిల్లకి. ఆయనే పద్ధతంతా చెప్పారు. రాసినాయనకొచ్చిన సన్మానాల చిట్టా చదవకు, జనం ఆవలిస్తారు. కథ చివర చెప్పెయ్యకు. నీకు నచ్చిన ముక్క ఒక్కటి ఎంచుకుని నిదానంగా చదువు. అది మనూరి వాళ్ల బతుకులో ఎక్కడ తగుల్తుందో చెప్పు. పేరు మాత్రం చివర్న చెప్పి పక్కకి తప్పుకో, పేరు వినగానే చప్పట్లు పడతాయి, ఆ చప్పట్లలో ఆయన మైకు దగ్గరికొస్తాడు, అదీ వరస. ఇంకో మాట, ఏ ముక్క చదువుతున్నావో ముందే ఆయనకి చూపించు, అన్నారు. చూపిద్దామనే ఉంది పాపం, కానీ ఆయనెక్కిన పడవ ఆలస్యమైపోయింది. దిగీ దిగగానే శాలువా, కుర్చీ, మైకు. ఇంకెక్కడ చూపిస్తది?

లేచింది, పుస్తకం తెరిచింది, చదివింది. "నీళ్లు రాట మొదలంటగానే మా నాన్న కొడవలి నా చేతికిచ్చి, ముందు పలుపులు కొయ్యరా అన్నాడు. కోశాను. గేదె ఈదుకుంటూ పోయింది. ఎక్కడికో మాకు తెలీదు, దానికి తెలుసు." బాగా చదివింది, అబద్ధమెందుకూ. తలెత్తి, చెప్పినట్టే జనాన్ని కలిపింది. "మన లంకక్కూడా వరదొచ్చింది కదండీ. మీరూ ఇలాగే ఉన్నవన్నీ వదిలేసి ముందు పలుపులు కోసుంటారు" అంది.

అంతే. నవ్వుతారనుకుంది, నవ్వలేదు. అవునంటారనుకుంది, అనలేదు. ముందు వరసలో మొగాళ్లు నేల చూస్తన్నారు, ఓ ముసలాయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు. మైకు పన్చెయ్యట్లేదేమోనని తట్టి చూసింది, టకటకమంది. పేజీ తప్పు చదివానేమోనని మళ్లీ చూసుకుంది, అదే పేజీ. ఆదిశేషు గారి వంక చూస్తే ఆయన కిటికీలోంచి బయటికి చూస్తన్నారు. ఏం తప్పు మాట్లాడాను దేవుడా అనుకుందంట. ఏం తోచక, పోనీ ఇంకోసారి చెప్తే అర్థమౌద్దేమోనని, "అదేనండీ, మీరందరూ కోశారు కదా" అంది!

అప్పుడు అచ్చియ్యమ్మ లేచింది. "మేం కొయ్యలేదమ్మాయ్" అంది. "నీళ్లు తీసేస్తాయిలే, విప్పితే గేదెలు ఎవరి చేలోనో పడతాయి, గొడవౌద్ది అనుకున్నాం. మూటలు నెత్తినెట్టుకుని ఏటిగట్టెక్కేశాం. కట్టేసినవి కట్టేసినట్టే పోయాయి. ఊరంతా అంతే. అరుపులు వినపడతానే ఉన్నాయి" అని, నిలబడ్డ చోటే నోట్లో కొంగు కుక్కుకుంది. పుణ్యవతికి ఆ పాక, ఆ రాటలు, అప్పుడర్థమయ్యాయి. పేరు చెప్పాలి, చప్పట్లు పడాలి, ఏదీ గుర్తులేదు. ఏడుస్తా నిలబడిపోయింది.

పిలవకుండానే ఆ పెద్దాయన మైకు దగ్గరికొచ్చాడు. శాలువా తీసి కుర్చీలో పెట్టేసి, అచ్చియ్యమ్మకి దణ్ణం పెట్టాడు. "మాదీ లంకేనమ్మా. మా నాన్న కొడవలిచ్చిన మాట నిజం. నేను కొయ్యలేదు. భయమేసి గట్టెక్కేశాను. ఇన్నాళ్లకి పుస్తకంలోనైనా కోద్దామని కోశాను" అన్నాడు. చప్పట్లు కొట్టాలో వద్దో మాకెవరికీ తెలీలేదు. ఆ తువ్వాలు ముసలాయన లేచి, మా ఎర్రగేదె అని మొదలెట్టాడు. ఆ తర్వాత ఒకళ్ల తర్వాత ఒకళ్లు. పెద్దాయన కూచుని విన్నాడంతే, ఉపన్యాసం లేదు ఏం లేదు.

ఇంటికెళ్తా దారిలో అచ్చియ్యమ్మ అందంట, "సంతకెళ్లమను నీ మొగుణ్ణి. ముడి మాత్రం జారుముడెయ్యి, నేను ముసల్దాన్ని, ఒక్క లాగుకి ఊడాలి" అని. ఇప్పుడు ఆ పాకలో గేదుంది, వెళ్లి చూసుకోండి.

ఆదిశేషు గారికి మాత్రం ఇప్పటికీ బాధే, పరిచయం పూర్తవలేదని, పేరు చెప్పనే లేదని. ఇప్పుడెవరైనా పేరడిగితే, అట్ట మీదుందిగా చదూకోండి అంటారాయన. ఉంటే ఉందండి. ఆ పుస్తకం ఎవరిదిరా అంటే మా లంకలో ఎవరూ పేరు చెప్పరు. మనోడిదే అంటాం.