పక్కన కూర్చున్న మనిషి

కామారెడ్డి స్టూడియోలో, ఎల్లారెడ్డి నుంచి వచ్చిన బాలవ్వ అద్దాల బీరువాలోని ఎవరో మగమనిషి ఫొటో చూపించింది. ముసలి ఫొటోగ్రాఫర్ విఠలయ్య తలెత్తాడు.

“జరమొచ్చి పోయిన మా ఆయన అచ్చం గిట్లనే ఉండె, బాపు. ఒక్క ఫొటో లేదు. ఫొటోల ఈయన పక్కన నన్ను పెట్టు. బిడ్డకు నాయిన మొఖం సూపెట్టాలె.”

“పెట్టను.”

“చేతకాదా?”

“ఎందుకు కాదు? ఈయనకు ఎడమ దిక్కు నుంచి ఎలుగు పడ్డది. నిన్నుగూడ గట్లనే కూసోబెట్టి తీస్త. రెండు ఫొటోలు బ్లేడుతోని కోసి, అంచులు ఎనక నుంచి పలుచగ రుద్ది, ఒక్క అట్టకు అతికిస్త. సందుల రంగు పూసి మళ్ల ఫొటో తీస్తే అతుకే కనబడది.”

“మరింకేంది?”

“ఈయన నీ పెనిమిటి కాదు.”

“బిడ్డకేమెరుక?”

“నీకెరుకనే గద. కొన్నేండ్లకు నువ్వుగూడ మర్సిపోతవ్.”

“కట్టుకున్నోని మొఖం మర్సిపోతనా? నువ్వు మాత్రం గా గోడ మీది ఫొటోల నీ ఇంటామె పక్కన కూసున్నవ్!”

విఠలయ్య గోడ వైపు చూడలేదు.

“ఊరందరికీ తీసిన. నా ఇంటామెకు రేపు తీద్దాం, రేపు తీద్దాం అనుకుంటనే ఉన్న. గంతల్నే పానం పోయింది.”

“మరి ఫొటోల ఉన్న గామె?”

“ఎవరో, బిడ్డా. ఒక్కపారి ఫొటోకు వచ్చింది, నా ఇంటామె తీరుగ ఉంటే నా పక్కన అతికిచ్చుకున్న. ఇప్పుడు ఇంటామె కోసం కండ్లు మూస్తే గామె మొఖమే వస్తది.”