ఆరింటి కూతకి ముందో వెనకో

చాలు పణిక్కర్ గారూ, ఆ కాగితం పక్కన పెట్టండి. ఇంకెన్నిసార్లు కూడతారు? కళ్ళజోడు మార్చుకుని చూసినా అవే అంకెలు కదా అక్కడుండేది.

మీ కోడలు నిన్న మా ఇంటికొచ్చి ఒకటే బతిమాలింది. మామయ్య జాతకాలు చూడడం మానేశారు, జోస్యం చెప్పే గవ్వలపెట్టె అటక మీద పెట్టించారు, ఎవరొచ్చినా ఒంట్లో బాగాలేదని పంపించేస్తున్నారు, అక్కా, మీ జాతక చక్రం ఒక్కటే ముందేసుకుని కూర్చుంటున్నారు, ఒకసారి వచ్చి ఓ మాట చెప్పండక్కా అంది. సరే, వచ్చాను. చెప్పడానికే వచ్చాను.

ఆ... వద్దండీ, టీ వద్దు. తాగే వచ్చాను.

మా ఆయన పోయి పధ్నాలుగు నెలలైంది. నేనేమీ మీ మీద పోట్లాటకి రాలేదు. నాకసలు కోపం రావడమే మానేసింది. అన్నం ఉడికితే తింటాను. పంచాయతీ బడిలో పిల్లలకి పాట చెప్పమంటే చెప్తాను. అచ్యుతన్ గారి భార్య గుండె రాయి చేసుకుందే అంటున్నారట వీధిలో. చేసుకోలేదు, అదే అయింది.

మీరు ఎక్కడ పొరపాటు చేశారా అని వెతుకుతున్నారు కదూ? మొదట్నుంచీ చెప్తాను, వినండి. మధ్యలో అడ్డు రాకండి. ఒకసారి ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేను.

పోయినేడు వానల నెల మొదట్లో, గుర్తుందా, మేమిద్దరం ఇదే అరుగు మీద కూర్చున్నాం. డాక్టరు గుండెలో మూడు నాళాలు మూసుకుపోయాయి, రెండు వారాల్లో ఆపరేషన్ చేయించుకోవాలి అన్నాడు. ఈయనకేమో మంచిది కాని ఆ వానల నెలలో ఒంటి మీద కత్తి పడడం ఇష్టం లేదు. అది దాటి ఓణం నెల వచ్చాక చేయించుకుంటానని పట్టు. మీరు ఈయన చక్రం చూసి పెదవి విరిచారు. అటూ ఇటూ తేల్చలేకుండా ఉంది, తంకమణీ, నీ జాతకం తియ్యి, భార్య మాంగల్యం చూస్తే భర్త ఆయుష్షు తెలుస్తుంది అన్నారు.

నా జాతకం ఎక్కడుంది? మా నాన్న నోట్‌బుక్కులో ఒక్క ముక్క. ఆడపిల్ల, భరణి నక్షత్రం, తెల్లవారుతుండగా. అంతే. ఓ పట్టున ఆగని వాన, సూర్యుడు కనపడితేగా! పెంకుల ఫ్యాక్టరీ ఆరింటికి కూత వేసేది. కూతకి ముందే పుట్టావే అనేది మా అమ్మ. కూత వినపడ్డాకే బొడ్డు కోశాం అనేది మా అమ్మమ్మ. ఇద్దరూ పోయేదాకా ఇదే తగాదా.

మీరు నవ్వారు ఆ రోజు. ఇదేం పెద్ద తగాదా కాదులే, కానీ సరిగ్గా గట్టు మీద పుట్టావమ్మా అన్నారు. పంచాంగం తీసి లెక్క కట్టారు. ఆ రోజు అయిదూ యాభై ఆరు దాకా మిథున లగ్నం. ఆ తర్వాత కర్కాటకం. కూతకి పది నిమిషాల ముందైతే ఒక మనిషివి, కూత అయ్యాకైతే ఇంకో మనిషివి అన్నారు.

చంద్రుడు భరణి నాలుగో పాదంలోనే ఉన్నాడు రెండింటికీ. కాబట్టి దశల వరస మారదు. పుట్టుకలో శుక్రుడు, తర్వాత రవి, చంద్రుడు, కుజుడు, రాహువు, గురువు. పది పదిహేను నిమిషాలు జరిపితే దశ మొదలయ్యే తేదీ రెండు నెలల చిల్లర అటో ఇటో అవుతుంది, అంతే. కానీ లగ్నం మారితే ఏ గ్రహం ఏ ఇంటికి యజమానో అదే మారిపోతుంది. అందుకని జరిగిపోయినవి చెప్పు, ఏ లగ్నానికి నీ బతుకు అతుకుతుందో చూద్దాం అన్నారు. తేదీలతో చెప్పు, నెలైనా గుర్తు తెచ్చుకో అన్నారు.

చెప్పాను. పెళ్ళి తొంభై మూడు మే. అటు పెట్టినా ఇటు పెట్టినా రాహు దశ మొదట్లోనే పడింది. మా అమ్మ పోయిన ఏడు. రెండింటికీ సర్దుకుంది. బడిలో ఉద్యోగం పదకొండు జూన్‌లో. గురు దశ, రెండింటికీ సరే. నా ఎత్తు చూశారు, ముఖం చూశారు, మెడ మీద పుట్టుమచ్చ ఉందా అని అడిగారు. నా తర్వాత ఎందరు పుట్టారని అడిగారు. ఏదీ తేల్చలేదు. ఇలాంటివి సాక్ష్యానికి పనికొస్తాయి గానీ తీర్పుకి పనికిరావు అని మీలో మీరే గొణుక్కున్నారు.

అప్పుడు పెన్సిలు ఒకచోట ఆపారు. ఎనభై ఏడు చివర. కుజ దశలో గురు భుక్తి. పందొమ్మిదేళ్ళు నీకు. ఆ సమయంలో ఏమైనా జరిగిందా తంకమణీ, బాగా ఆలోచించు అన్నారు.

ఎందుకూ అన్నాను.

మీరు మామూలుగా, పాఠం చెప్పినట్టు చెప్పారు. కర్కాటక లగ్నమైతే కుజుడు అయిదో ఇంటివాడు, సంతానానికి యజమాని. గురువేమో సంతాన కారకుడు. ఇద్దరూ కలిసిన ఆ పదకొండు నెలల్లో ఒక బిడ్డ పుట్టి తీరాలి. మిథున లగ్నమైతే అదే కుజుడు ఆరో ఇంటివాడు, రోగానికి యజమాని. అప్పుడు పెద్ద జబ్బు చేసి ఉండాలి. పెళ్ళికి ముందు బిడ్డ మాటేమిటి, అసలు మీకు పిల్లలే లేరు కదా, కాబట్టి జబ్బే అయి ఉండాలి, చేసిందా అన్నారు.

చేసింది అన్నాను.

కామెర్లు అన్నాను. కొల్లెంగోడులో మా పెద్దమ్మ ఇంట్లో ఉండి పసరు మందు తిన్నాను, అయిదు నెలలు అన్నాను. చూశారా, నెలలతో సహా ఎంత తేలిగ్గా వచ్చిందో!

మీరు మా ఆయన వైపు తిరిగారు. ఏం అచ్యుతా, నీకేమైనా తెలుసా అని అడిగారు. ఆయన కండువాతో చెమట తుడుచుకుంటూ, ఆమె చెప్పిందే రాయండి, ఆమె సంగతి ఆమెకి తెలియదా అన్నాడు.

రాశారు మీరు. అయిదూ నలభై ఎనిమిది. మిథునం. ఇక అక్కణ్ణుంచి అంతా చకచకా తేలిపోయింది. భర్త స్థానానికి యజమాని గురువు, ఇప్పుడు మేషంలో, లాభంలో ఉన్నాడు. శని సొంత ఇంట్లో, కుంభంలో, నీకది తొమ్మిదో ఇల్లు, భాగ్యం. మాంగల్యానికి ఢోకా లేదు, నెల ఆగితే కొంప మునిగేదేం లేదు అన్నారు. ఈయన మొహం వెలిగిపోయింది. వెళ్ళేటప్పుడు దారిలో అరటికాయ బజ్జీలు కొన్నాడు, డాక్టరు వద్దన్నవి.

ఓణం నెలలో తొమ్మిదో తేదీ ఖాయం చేసుకున్నాం. వానల నెల ఇరవై మూడున పొద్దున్నే మందు గంజి తాగుతూ, చెయ్యి తిమ్మిరెక్కిందే అన్నాడు. ఆటో వంతెన దాటకముందే అయిపోయింది.

మీరు ఏడ్చారు ఆ రోజు. నేను ఏడవలేదు. జనం చూశారు.

ఇప్పుడు చెప్పండి. ఆ కాగితం మీద అయిదూ నలభై ఎనిమిది కొట్టేసి ఆరూ రెండు అని పెట్టండి. పెట్టండీ, మీ చేత్తోనే. అప్పుడు శని ఎక్కడున్నట్టు? ఎనిమిదో ఇల్లు కదా. మాంగల్య స్థానం. భర్త ఇంటికీ ఆ ఇంటికీ రెండింటికీ వాడే యజమాని కదా. ఏమనేవారు మీరు? ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకండి అనేవారు కదూ?

తల ఊపుతున్నారు. అవును. నాకూ కొంచెం అర్థమైంది, ఏడాదిగా ఇదే ఆలోచిస్తున్నాను కదా.

మీ లెక్క తప్పు కాదండీ. నేనిచ్చిన సరుకే తప్పు. కామెర్లు కాదు.

బిడ్డ.

ఆడపిల్ల. ఎనభై ఏడు నవంబరు. కొల్లెంగోడులో, పెద్దమ్మ ఇంటి వెనక గదిలో. తండ్రి ఎవరని అడగకండి, అతని మొహం కూడా నాకిప్పుడు సరిగా గుర్తు రావడంలేదు. పెద్దమ్మ గుడ్డలో చుట్టి తీసుకెళ్ళింది. పిల్లల్ని పెంచే ఒక చోట ఇచ్చానంది. ఎక్కడని నేను అడగలేదు. పందొమ్మిదేళ్ళదాన్ని, అడగాలని కూడా తోచలేదు.

పెళ్ళయ్యాక ముప్ఫై ఏళ్ళు గొడ్రాలు అన్నారు నన్ను. గుళ్ళూ, నెయ్యి మందులూ, పరీక్షలూ. నాలో లోపం లేదని నాకు తెలుసు. చెప్పడమెలా? చెబితే మొదటిది ఎలా పుట్టిందో చెప్పాలి. అందుకే పడ్డాను.

అదొక్కటే అయితే ఇంత దూరం వచ్చేదాన్ని కాదేమో. ఈయన పోయిన పదమూడో రోజున పెద్దమ్మ వచ్చింది. ఎనభై నాలుగేళ్ళు, నడవలేదు, కుర్చీలో మోసుకొచ్చారు. నా చెయ్యి పట్టుకుని, నీ మొగుడు మంచివాడే తల్లీ, ఒక్క మాట కూడా బయట పెట్టలేదు అంది. ఏ మాటే అన్నాను. నీ పెళ్ళి ఖాయమయ్యాక నేనే అతనికి చెప్పేశాను, దాస్తే పాపమని అంది. ఈయన ఏమన్నాడట తెలుసా? ఇది నాకు తెలుసని ఆమెకి తెలియనీయకండి అన్నాడట.

అంటే ముప్ఫై ఏళ్ళూ తెలుసు. ఎవరిలో లోపమో కూడా తెలుసు. ఆ రోజు ఇక్కడ, నా పక్కన కూర్చుని నేను కామెర్లు అంటుంటే తెలుసు. మీరు రెండు లగ్నాల సంగతీ అరటిపండు ఒలిచినట్టు చెప్పారు కదా, ఏది రాస్తే ఏమవుతుందో ఆయన వినలేదా? విన్నాడు. నా పరువు మీ ముందు పోకూడదని ఊరుకున్నాడు. లేదా తనకి కూడా వాయిదా కావాలేమో, నా అబద్ధం అక్కరకొచ్చిందేమో. ఏదో తెలియదు. ఇక తెలిసే దారి లేదు.

గ్రహాలు నిజమో కాదో నాకు తెలియదండీ. ఈ లెక్క లేకపోయినా డాక్టరు మాట విని ఉంటే సరిపోయేది. అది మీకూ తెలుసు. కానీ మీరు రాత్రీ పగలూ మీ తప్పు వెతుక్కుంటున్నారని విన్నాక చెప్పకుండా ఉండలేకపోయాను. గవ్వలపెట్టె దింపించుకోండి. నలుగురూ మీ కోసం వచ్చి తిరిగిపోతున్నారు.

ఏమిటీ? పెన్సిలు తీశారేం?

బిడ్డ పుట్టిన టైమా? దాన్ని పెడితే నా లగ్నం ఇంకా గట్టిగా తేలుతుందంటారా. తేలుతుందేమో.

తారీఖు పద్ధెనిమిది అనుకుంటాను. టైము తెలియదండీ. ఆ గదిలో గడియారం లేదు. ఎవరూ చూడలేదు, ఎవరూ రాసిపెట్టలేదు. ఎక్కడో ఉంటే ఇప్పుడు దానికి ముప్ఫై ఆరు నిండుతున్నాయి... కాదు, ముప్ఫై ఏడు. ఎవరైనా జ్యోతిష్యుడు ఏ ఊళ్ళోనో దాన్ని కూర్చోబెట్టి, నీ బతుకులో ఏమేం జరిగాయో చెప్పమ్మా అని అడుగుతుంటాడు. మొదటిదే చెప్పలేదది. తెలిస్తే కదా.

వస్తానండీ. ఒంటిగంటకి బడి పిల్లలకి అన్నాలు వడ్డించాలి.